గోధుమ లేని బ్రెడ్‌కి ఇసబ్‌గోల్ ఎందుకు?

మైదాతో బ్రెడ్ చేసే కొలతలన్నీ అలాగే ఉంచి, మైదా బదులు అంతే బియ్యప్పిండి వేస్తే ఏమవుతుంది? నీళ్లు పోసి ఎంత కలిపినా పిండి సాగదు. ముద్ద చేయబోతే విరిగిపోతుంది. ఇంకాసిని నీళ్లు పోస్తే జారుగా అయిపోతుంది. ఈస్ట్ మాత్రం తన పని తాను చేస్తూనే ఉంటుంది. పిండి పైకి బుడగలు వస్తాయి, వచ్చినవి వచ్చినట్టే పగిలిపోతాయి. గంట దాటినా గిన్నెలో పిండి పెద్దగా పొంగదు. దాన్నే ఒవెన్‌లో పెడితే పైన గట్టి పెచ్చు, అడుగున పచ్చిగా ఒక జిగట పొర, మధ్యలో బరువైన ముక్క మిగులుతాయి. కత్తి పెడితే పొడిపొడిగా రాలుతుంది.

గోధుమ మానేయాల్సి వచ్చిన ఇళ్లలో చాలామంది మొదట చేసేది ఇదే. బియ్యప్పిండి పనికిరాలేదని జొన్నపిండితో చేస్తారు. అదీ పనికిరాలేదని ఖరీదైన బాదం పిండి కొంటారు. పిండి మార్చినంత మాత్రాన ఫలితం మారదు, ఎందుకంటే లోపం పిండిలో లేదు. గోధుమపిండి ఒక్కటే రెండు పనులు చేస్తుంది. బ్రెడ్‌కి ఒళ్లు ఇస్తుంది, ఆ ఒంట్లో పుట్టే గాలిని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటుంది. బియ్యం, జొన్న, బాదం మొదటి పని చేయగలవు. రెండో పనికి ఇంకొకటి కావాలి. దాన్నే బైండర్ అంటారు. ఇప్పుడు ఇంటి వంటలో అందరికన్నా బాగా ఆ పని చేస్తున్నది, మనం మందుల షాపులో మలబద్ధకానికి కొనే ఇసబ్‌గోల్.

గోధుమలో ఏముందో ముందు చూద్దాం. గోధుమపిండిలో గ్లయడిన్, గ్లుటెనిన్ అని రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగలగానే ఇవి ఒకదానితో ఒకటి అల్లుకుని వలలాంటి అల్లిక తయారవుతుంది. అదే గ్లూటెన్. పిండిని మర్దించే కొద్దీ ఆ అల్లిక బిగుస్తుంది. గ్లయడిన్ దానికి సాగే గుణం ఇస్తుంది, గ్లుటెనిన్ లాగి వదిలితే వెనక్కి వచ్చే గుణం ఇస్తుంది. చపాతీ పిండిని కాసేపు నాననిచ్చాక చిరగకుండా పల్చగా సాగడానికి కారణం ఇదే. ఈస్ట్ పిండిలోని చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్ వదిలినప్పుడు, ఆ వాయువు ఈ అల్లిక మధ్య చిక్కుకుని బుడగలవుతుంది. బుడగ పెరిగే కొద్దీ దాని చుట్టూ ఉన్న పొర సాగుతుందే గాని పగలదు. వేడికి ఆ పొర గట్టిపడి, అందులోని పిండిపదార్థం ఉడికి, బ్రెడ్ పొంగిన చోటే నిలబడిపోతుంది.

ఈ గ్లూటెన్ కొందరి ఒంటికి పడదు. సీలియాక్ అనే జబ్బులో గోధుమ, బార్లీ, రై లోని గ్లూటెన్ తిన్నప్పుడు శరీర రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటికి పట్టదు. పిల్లలు ఎదగరు, పెద్దవాళ్లకి రక్తహీనత తగ్గదు. దీనికి గోధుమకి ఉన్న సంబంధాన్ని పట్టుకున్నవాడు విల్లెం డికె అనే డచ్ పిల్లల డాక్టరు. 1930ల నుంచే ఆయన గోధుమ లేని ఆహారాన్ని ఇలాంటి పిల్లలకు ఇచ్చి చూస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు వచ్చి బ్రెడ్ దొరకలేదు. అందరూ చిక్కిపోతున్న ఆ రోజుల్లో ఈ జబ్బు ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. బ్రెడ్ మళ్లీ రావడంతో జబ్బూ తిరగబెట్టింది. 1950లో ఆయన తన పరిశోధనను ప్రచురించారు. ఈ జబ్బుకి ఇప్పటికీ ఉన్న చికిత్స జీవితాంతం గ్లూటెన్ మానేయడమే. మనదేశంలో గోధుమ ఎక్కువ తినే ఉత్తరాదిలో ఇది ఎక్కువగా బయటపడుతోంది. అనుమానం ఉన్నవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. పరీక్షలకు ముందే గోధుమ మానేస్తే, జబ్బు ఉన్నా రక్తపరీక్షలో కనబడకపోవచ్చు. ముందు పరీక్ష, తర్వాత పథ్యం.

గ్లూటెన్ లేకుండా గాలిని పట్టుకోవడం మన వంటింటికి కొత్త కాదు. ఇడ్లీనే చూడండి. అందులో గోధుమ లేదు, ఈస్ట్ పొట్లం లేదు. అయినా పిండి రాత్రికి రాత్రే పొంగి గిన్నె అంచుదాకా వస్తుంది. పొంగించే వాయువును ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా తయారుచేస్తుంది. ఆ వాయువు పారిపోకుండా పట్టుకునేది బియ్యం కాదు, మినప్పప్పు. రుబ్బిన మినప్పిండి చేతికి జిగురుగా, నురగగా తగులుతుందే, ఆ జిగురే బైండర్. మినప్పప్పులో ఉన్న ఒక పీచుపదార్థం పిండిని చిక్కబరుస్తుంది, అందులోని ప్రొటీన్ బుడగల గోడలను నిలబెడుతుంది. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వకి గ్లాసు మినప్పప్పు వేసే ఇంట్లో, అరగ్లాసుకి తగ్గించి చూస్తే ఇడ్లీ గట్టిపడుతుంది. రవ్వ మారలేదు, పులియడమూ ఆగలేదు. పుట్టిన గాలి నిలవలేదు, అంతే.

అయితే ఇడ్లీలో మినప్పప్పు చేసిన పని బ్రెడ్‌లో సరిపోదు. ఇడ్లీ అంగుళం మందం ఉంటుంది, కింద గుంట ఆసరాగా ఉంటుంది, ఆవిరికి పది పన్నెండు నిమిషాల్లో ఉడికిపోతుంది. బ్రెడ్ నాలుగంగుళాల ఎత్తు లేవాలి. ఒవెన్ పొడి వేడి దాని నడిబొడ్డు దాకా చేరడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ పైనున్న బరువుకి కింది బుడగలు అణిగిపోకూడదు. పైగా బ్రెడ్ ముక్క కోస్తే విరగకూడదు, వెన్న రాస్తే చిరగకూడదు. ఇంతటి పనికి మినప జిగురుకన్నా బలమైనది కావాలి.

ఇక మూడు పిండ్ల సంగతి. మూడూ మూడు స్వభావాలవి.

బియ్యప్పిండిలో దాదాపు 80 శాతం పిండిపదార్థమే. ప్రొటీన్ ఆరేడు శాతం ఉన్నా అది గ్లూటెన్‌లా అల్లుకోదు. రుచి, రంగు పెద్దగా లేకపోవడం దీని మంచి గుణం, దేనిలో కలిపినా ఒదిగిపోతుంది. చెడ్డ గుణం నోట్లో కరకరలాడటం. పిండి ముతకగా ఉంటే ఒవెన్‌లో ఎంతసేపు ఉంచినా ఆ గరుకు పోదు. ఇక్కడ మన అరిసెల పిండి గుర్తుకు రావాలి. బియ్యం నానబెట్టి, నీళ్లు వంపేసి, తడి ఆరకముందే దంచి జల్లించే పిండి అది. నానిన గింజ మెత్తగా నలుగుతుంది కాబట్టి పిండి రేణువులు అంతగా దెబ్బతినవు. పొడి బియ్యాన్ని మరలో వేస్తే ఆ వేడికి, రాపిడికి రేణువులు చిట్లుతాయి. చిట్లిన రేణువు ఎక్కువ నీళ్లు పీలుస్తుంది, బ్రెడ్ లోపల జిగటగా మిగులుతుంది. అందుకని తడిబియ్యం పిండిని నీడన పూర్తిగా ఆరబెట్టి, సన్న జల్లెడ పట్టి వాడితే బ్రెడ్ మెత్తగా వస్తుంది. మరపిండి తప్పనప్పుడు కనీసం రెండుసార్లు పట్టించాలి, కలిపాక కాసేపు నాననివ్వాలి.

బియ్యానికి ఇంకో చిక్కు ఉంది. పొద్దున వండిన అన్నం ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి గింజ గట్టిపడుతుంది కదా. బియ్యప్పిండి బ్రెడ్ కూడా అంతే. ఉడికినప్పుడు నీళ్లు పట్టుకుని మెత్తబడిన పిండిపదార్థం, చల్లారాక మళ్లీ బిగుసుకుని ఆ నీటిని వదిలేస్తుంది. పూర్తిగా బియ్యప్పిండితో చేసిన బ్రెడ్ మర్నాటికే ఎండినట్టు కావడానికి కారణం ఇది.

జొన్నపిండి బియ్యానికి బాగా తోడొస్తుంది. దీనికి సొంత రుచి ఉంది, రంగు ఉంది, పీచు ఉంది, కాబట్టి బ్రెడ్ తింటే బ్రెడ్ తిన్నట్టు ఉంటుంది. బియ్యప్పిండి ఒక్కటే వేసినప్పుడు వచ్చే చప్పదనం పోతుంది. జొన్నలో ప్రొటీన్ బియ్యం కన్నా ఎక్కువే ఉన్నా, అందులో ప్రధానమైన కాఫిరిన్ చిన్న చిన్న గుళికల్లా గట్టిగా ముడుచుకుని ఉంటుంది. నీటిని లోపలికి రానివ్వదు, అల్లుకోదు. ఈ సంగతి పుస్తకం చదవకుండానే మన ఆడవాళ్లకు తెలుసు. తెలంగాణలోనైనా రాయలసీమలోనైనా జొన్నరొట్టెకి పిండిని చన్నీళ్లతో ఎవరూ కలపరు. మరిగే నీళ్లు పోసి, వేడి మీదే మర్దిస్తారు. ఆ వేడికి కొంత పిండిపదార్థం అక్కడికక్కడే ఉడికి జిగురవుతుంది. ఆ జిగురుతోనే రొట్టె అంచులు పగలకుండా చేత్తో తట్టడానికి వస్తుంది. పెనం మీద ఆవిరి పట్టి పూరీలా పొంగుతుంది కూడా. కానీ ఉడికిన పిండి జిగురుకి ఉన్న శక్తి అంతవరకే. కొన్ని క్షణాలు ఆవిరిని ఆపుతుంది. గంటసేపు పులుస్తూ, ఇంకో గంట కాలుతూ ఉండే బ్రెడ్‌లో వేల బుడగలను సాగదీస్తూ నిలపడం దానివల్ల కాదు.

జొన్న కొనేటప్పుడు తెల్లజొన్న తీసుకుంటే బ్రెడ్ రంగు, రుచి సౌమ్యంగా ఉంటాయి. కొత్తగా పట్టించిన పిండి వాడాలి. పాతబడిన పిండితో రొట్టెలు విరిగినట్టే బ్రెడ్ కూడా పొడిబారుతుంది, కాస్త చేదెక్కుతుంది.

బాదం పిండి వేరే జాతి. దానిలో సగం నూనె. ప్రొటీన్ ఐదో వంతు ఉంటుంది, పిండిపదార్థం చాలా తక్కువ. ఈస్ట్ తినడానికి అందులో ఏమీ లేదు, ఉడికి గట్టిపడి ఆకారం నిలపడానికీ ఏమీ లేదు. కాబట్టి బాదం పిండితో ఈస్ట్ బ్రెడ్ చేయబోవడం డబ్బు దండగ. బాదం ఇచ్చేది మెత్తదనం, తడి, కమ్మదనం. తొందరగా ఎర్రబడుతుంది కాబట్టి ఒవెన్ వేడి తగ్గించాలి. దాని అసలు చోటు కేకులు, బిస్కెట్లు. స్పెయిన్‌లో గలీషియా అనే ప్రాంతం ఉంది. శాంతియాగో యాత్రికులు చేరే చోటు అది. అక్కడి పేరున్న కేకు తార్తా దె శాంతియాగోలో పిండి అన్నదే లేదు. పావుకిలో బాదం పొడి, పావుకిలో చక్కెర, ఐదు గుడ్లు, నిమ్మతొక్క తురుము, అంతే. గుడ్లు, చక్కెర బాగా గిలక్కొట్టి, బాదం పొడి కలిపి, 175 డిగ్రీల దగ్గర దాదాపు 40 నిమిషాలు కాలుస్తారు. గ్లూటెన్ భయం పుట్టక ముందు నుంచే ఉన్న వంటకం ఇది. ఇందులో ఇసబ్‌గోల్ వేయనక్కర్లేదు. గుడ్డే ఇక్కడ బైండర్. గిలక్కొడితే గాలి నింపుకుంటుంది, వేడికి గట్టిపడి ఆ గాలిని అక్కడే ఉంచుతుంది.

గుడ్డు తినని ఇళ్లలో ఈ కేకుకి ఇసబ్‌గోల్ వేస్తే ముద్ద కట్టడం వరకూ జరుగుతుంది. గాలి నింపే పని మాత్రం అది చేయలేదు. అందుకని గుడ్డు లేనప్పుడు బాదం పిండిని కేకుగా కాక, పల్చటి బిస్కెట్లుగా చేసుకోవడం మంచిది. బిస్కెట్ పొంగనక్కర్లేదు, విరగకుండా ఉంటే చాలు. చెంచాడు ఇసబ్‌గోల్ ఆ మాత్రం పట్టు ఇస్తుంది.

ఇప్పుడు ఇసబ్‌గోల్ దగ్గరికి వద్దాం. ప్లాంటాగో ఒవాటా అనే చిన్న మొక్క గింజ పైపొట్టు ఇది. గుజరాత్, రాజస్థాన్‌లలో చలికాలం పంటగా పండిస్తారు. గుజరాత్‌లోని ఊంఝా దీని వ్యాపారానికి పెద్ద కేంద్రం. ప్రపంచం వాడే ఇసబ్‌గోల్‌లో ఎక్కువ భాగం మనదేశం నుంచే వెళ్తుంది. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న తెలుగువాళ్లు అక్కడి సూపర్ మార్కెట్లో సిలియం హస్క్ పేరుతో ఎక్కువ ధరకి కొనేదీ ఈ పొట్టే. ఇండియన్ స్టోర్‌లో ఇసబ్‌గోల్ డబ్బా తీసుకుంటే సరిపోతుంది. కాకపోతే ఆరెంజ్ రుచివి, చక్కెర కలిపినవి, నీళ్లలో బుసబుసమనేవి వద్దు. డబ్బా మీద పొట్టు తప్ప ఇంకో పదార్థం పేరు ఉండకూడదు.

చెంచాడు పొట్టును అరగ్లాసు నీళ్లలో వేసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది. పది నిమిషాల్లో గిన్నె వంచినా కదలని జెల్లీ అవుతుంది. పొట్టులో అరబినోజైలాన్ అనే పీచుపదార్థం పొడవాటి గొలుసులుగా ఉంటుంది. గొలుసుకు చాలా కొమ్మలుంటాయి. అవి తమ బరువుకి ఎన్నో రెట్ల నీటిని పట్టుకుని, ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. అలా తయారైన జెల్లీకి గ్లూటెన్‌లో ఉన్న రెండు గుణాలూ కొంతమేర వస్తాయి. లాగితే సాగుతుంది, వదిలితే కొద్దిగా వెనక్కి వస్తుంది. ఈ జెల్లీ పిండిలో అంతటా పరుచుకున్నప్పుడు ప్రతి బుడగ చుట్టూ ఒక సాగే పొర ఏర్పడుతుంది. ఒవెన్‌లో పిండి లోపలి వేడి దాదాపు 70 డిగ్రీలు దాటాక బియ్యం, జొన్నల పిండిపదార్థం ఉబ్బి గట్టిపడుతుంది. అప్పటిదాకా బ్రెడ్‌ని నిలబెట్టేది ఇసబ్‌గోల్ జెల్లీ. ఆ తర్వాత ఉడికిన పిండి ఆ బాధ్యత తీసుకుంటుంది.

ఇంకో మేలు కూడా ఉంది. ఈ జెల్లీ నీటిని వదలదు. కాబట్టి మర్నాటికి బ్రెడ్ ఎండిపోవడం తగ్గుతుంది.

ఇదే పనికి శాంథన్ గమ్ అనే పొడి కూడా వాడతారు. ఒక రకం బ్యాక్టీరియా పులియబెట్టి తయారుచేసే జిగురు అది. అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో ఎలీన్ జీన్స్ అనే శాస్త్రవేత్త బృందం దాన్ని వెలుగులోకి తెచ్చింది. 1969లో ఆహారంలో వాడకానికి అక్కడ అనుమతి వచ్చింది. కేకు పిండికి అది చాలా బాగుంటుంది, కప్పు పిండికి పావు చెంచా చాలు. బ్రెడ్‌కి వచ్చేసరికి తేడా తెలుస్తుంది. శాంథన్ పిండిని చిక్కబరుస్తుంది గాని ముద్దగా చేతికి రానివ్వదు. గరిటెతో టిన్‌లో పోయాల్సిందే. ఇసబ్‌గోల్ కలిపిన పిండిని చేత్తో మర్దించవచ్చు, గుండ్రంగా చుట్టవచ్చు, బన్నులు చేయవచ్చు. నేనైతే బ్రెడ్‌కి ఇసబ్‌గోల్, కేకుకి శాంథన్ అంటాను.

ఒక బ్రెడ్‌ని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. కొలతలు గ్రాముల్లోనే తీసుకోవాలి. కప్పుల లెక్కతో గోధుమ బ్రెడ్ వస్తుందేమోగాని, ఇది రాదు. బియ్యప్పిండి 160 గ్రాములు, జొన్నపిండి 140, కార్న్‌ఫ్లోర్ 100, మొత్తం 400. కార్న్‌ఫ్లోర్ ఎందుకంటే, బియ్యం జొన్నల బరువుని తేలిక చేసి లోపల మెత్తగా ఉంచడానికి. ఇసబ్‌గోల్ పొట్టు 20 గ్రాములు, అంటే పిండి బరువులో 5 శాతం. నీళ్లు 420 గ్రాములు. ఈస్ట్ 7, చక్కెర 15, ఉప్పు 7, నూనె 25 గ్రాములు.

గోధుమ బ్రెడ్ చేసినవాళ్లకి ఈ నీళ్ల లెక్క చూస్తే భయం వేస్తుంది. మైదాకి దాని బరువులో మూడింట రెండు వంతుల నీళ్లు సరిపోతాయి, ఇక్కడ పిండి కన్నా నీళ్లే ఎక్కువ. ఇసబ్‌గోల్ పీల్చేదే ఎక్కువ కాబట్టి ఇంత కావాలి. పిండి జారుగా ఉందని నీళ్లు తగ్గిస్తే పొట్టు, పిండి తడి కోసం పోటీపడతాయి. ఏదీ సరిగా నానదు.

గోరువెచ్చటి నీళ్లు 80 గ్రాములు తీసి, అందులో చక్కెర, ఈస్ట్ కలిపి నురగ వచ్చేదాకా పక్కన పెట్టాలి. మిగతా 340 గ్రాముల నీళ్లలో ఇసబ్‌గోల్ చల్లుతూ, అదే సమయంలో విస్క్‌తో ఆపకుండా తిప్పాలి. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు తర్వాత విడవవు. పది నిమిషాల్లో అది జెల్లీ అవుతుంది. వేరే గిన్నెలో పిండ్లు, ఉప్పు కలిపి, జెల్లీ, ఈస్ట్ నీళ్లు, నూనె అన్నీ వేసి చేత్తోనో మిక్సర్‌తోనో అయిదారు నిమిషాలు బాగా కలపాలి. ఇక్కడ మర్దించడం గ్లూటెన్‌ని బిగించడానికి కాదు, జెల్లీ అన్ని మూలలకీ సమానంగా చేరడానికి. మొదట ముక్కలు ముక్కలుగా ఉన్నది, చివరికి నున్నగా, మెత్తగా, వేలికి కొద్దిగా అంటే ముద్దవుతుంది. అయిదు నిమిషాలు కలిపాక కూడా పొడి కనబడితే చెంచాడు నీళ్లు చల్లాలి.

చేతులు తడి చేసుకుని ముద్దని నున్నగా చుట్టి, నూనె రాసిన 21 సెంటీమీటర్ల పొడవు, 11 సెంటీమీటర్ల వెడల్పు టిన్‌లో సర్దాలి. ఒక్కసారే పొంగనివ్వాలి. గోధుమ పిండిలా ఒకసారి పొంగించి, అణిచి, మళ్లీ పొంగించకూడదు. ఒకసారి అణిగిన బుడగలను మళ్లీ అల్లుకునే శక్తి ఈ జెల్లీకి లేదు. మన ఎండాకాలంలో 35, 40 నిమిషాల్లోనే పొంగుతుంది, చలికాలంలో గంటపైనే పడుతుంది. గడియారం కన్నా పిండిని చూడటం మేలు. మొదటి ఎత్తుకి ఒకటిన్నర రెట్లు వచ్చిందంటే ఒవెన్‌లో పెట్టేయాలి. రెట్టింపు దాకా ఆగకూడదు.

220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 190కి తగ్గించి ఇంకో 45 నిమిషాలు. లోపలి వేడి 97 డిగ్రీలు దాటాలి. వంట థర్మామీటర్ లేకపోతే టిన్ నుంచి తీసి అడుగున వేలితో తట్టి వినాలి, బోలుగా మోగాలి. ఇది గోధుమ బ్రెడ్ కన్నా ఎక్కువ సేపు కాలాలి, ఎందుకంటే పిండిలో నీళ్లు ఎక్కువ. తీశాక వెంటనే టిన్‌లోంచి జాలీ మీదకి మార్చి, పూర్తిగా చల్లారాకే కోయాలి, కనీసం రెండు గంటలు. వేడి మీద కోస్తే పిండిపదార్థం ఇంకా గట్టిపడి ఉండదు, కత్తికి జిగటగా అంటుకుంటుంది. బాగా కాలిన బ్రెడ్‌ని కూడా పచ్చిగా ఉందనుకుని పారేసేది ఇక్కడే.

తేడా వస్తే ఎక్కడ వచ్చిందో కోసిన ముక్కే చెబుతుంది. అడుగున పచ్చిగా మెరిసే గీత కనబడిందంటే నీళ్లు ఎక్కువ పడ్డాయి, లేదా కాలింది చాలలేదు. పైభాగం కుంగి గుంటపడితే ఎక్కువసేపు పొంగనిచ్చారని అర్థం. బుడగల గోడలు మరీ సాగి పల్చబడి, ఒవెన్ వేడికి ఆగలేకపోయాయి. పైపెచ్చు కింద ఖాళీ గుహలా ఉండి మిగతాది దట్టంగా ఉంటే టిన్‌లో సర్దేటప్పుడు లోపల గాలి చిక్కుకుంది, లేదా ఒవెన్ మొదట్లో మరీ వేడిగా ఉంది. పొడిపొడిగా రాలితే ఇసబ్‌గోల్ తక్కువ, లేదా అది నానకముందే పిండిలో కలిపారు. రబ్బరులా సాగుతూ ఎంత కాల్చినా తడిగా ఉంటే పొట్టు ఎక్కువైంది. ఈ కొలతకి 30 గ్రాములు దాటిస్తే అలాగే ఉంటుంది. ఎక్కువ వేస్తే ఎక్కువ పట్టు వస్తుందనుకోవడం ఇక్కడ కుదరదు, ఎందుకంటే అది పట్టుకున్న నీటిని ఒవెన్ కూడా బయటికి లాగలేదు.

పొట్టు బదులు మెత్తటి ఇసబ్‌గోల్ పౌడర్ దొరికితే దాన్ని కూడా తూకం ప్రకారమే వేయాలి. చెంచాల లెక్కన వేస్తే పొట్టు కన్నా చాలా ఎక్కువ పడుతుంది, పౌడర్ అంత దట్టంగా ఉంటుంది. పౌడర్ చిక్కబడటమూ త్వరగానే. కొన్ని పౌడర్లతో బ్రెడ్ లోపల ఊదా రంగు తిరుగుతుంది. అది చూసి చెడిపోయిందనుకోనక్కర్లేదు, తినడానికి ఏ హానీ లేదు. రంగు నచ్చకపోతే లేతరంగు పొట్టు ఉన్న వేరే రకం కొనుక్కోవాలి.

సీలియాక్ ఉన్నవాళ్ల ఇంట్లో ఇంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. జొన్న, బియ్యం సహజంగా గ్లూటెన్ లేనివే. కానీ ఊళ్లో పిండిమర ఒక్కటే. మీ కన్నా ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్తారు. మర గొట్టంలో, రాళ్ల సందుల్లో మిగిలిన గోధుమపిండి మీ జొన్నపిండిలో కలిసి వస్తుంది. గ్లూటెన్ ఫ్రీ అని అమ్మాలంటే కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం, మనదేశ నియమమూ అదే. ఆ లెక్కలో మరలో మిగిలిన గుప్పెడు పిండి చాలా ఎక్కువ. ఇంట్లోనే చిన్న మిక్సీలో విసురుకుని జల్లించుకోవడమో, గ్లూటెన్ పరీక్ష చేయించామని ప్యాకెట్ మీద రాసిన పిండి కొనడమో చేయాలి. వీళ్లకి వేరే జల్లెడ, వేరే పెనం, వేరే బ్రెడ్ టిన్ ఉండాలి.

వంటింట్లో ఇంకో చోటా గోధుమ దాక్కుని ఉంటుంది. అది ఇంగువ. షాపులో దొరికే పొడి ఇంగువ, ముద్ద ఇంగువ చాలావాటిలో ఇంగువని గోధుమపిండితోనో మైదాతోనో కలుపుతారు. పప్పులో, పులిహోరలో చిటికెడే కదా అనుకుంటాం. అన్నం తప్ప ఇంకేమీ తినకపోయినా పేగు మానని మనిషి విషయంలో ముందు చూడాల్సింది ఇంగువ డబ్బా మీది చిన్న అక్షరాలే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ కూడా దొరుకుతుంది.

ఇసబ్‌గోల్ అలవాటు లేనివాళ్లు మొదట్లో ఈ బ్రెడ్ రోజుకి ఒకటి రెండు ముక్కలతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి. ఒక్కసారిగా ఎక్కువ పీచు తింటే కడుపు ఉబ్బరంగా ఉంటుంది. పొట్టు పొడి చల్లేటప్పుడు ముక్కులోకి పోతే కొద్దిమందికి తుమ్ములు, ఆయాసం లాంటి ఎలర్జీ వస్తుంది. అలాంటివాళ్లు ఇది మానేసి, శాంథన్‌తో చేసుకోవాలి.

ఇక దాచుకునే సంగతి. చల్లారిన బ్రెడ్‌ని ఆరోజుకి కావలసినంత ఉంచుకుని, మిగతాది ముక్కలు కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య కాగితం పెట్టి, డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. మామూలు ఫ్రిజ్ అరలో వద్దు. అక్కడి చలికి బియ్యం, జొన్నల పిండిపదార్థం అన్నిటికన్నా వేగంగా బిగుసుకుపోతుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కని అలాగే పెనం మీద, కొద్దిగా నెయ్యి వేసి, రెండువైపులా సన్నసెగన కాల్చితే బిగుసుకున్న పిండి మళ్లీ మెత్తబడుతుంది, అంచులు కరకరలాడతాయి. పిల్లల టిఫిన్ డబ్బాలోకి పెట్టేముందు కూడా ఇలా వేడిచేసి, చల్లారాక పెడితే మధ్యాహ్నం దాకా విరగకుండా ఉంటుంది.